‘అందరూ సహకరించండి’ అంటే పనికి ఎవరూ రావడం లేదు

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో 86 ఇళ్లున్న కాలనీ. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రెండేళ్లుగా వినాయక చవితి కమిటీకి కార్యదర్శిని కూడా. కాలనీ వాట్సాప్ గ్రూపులో 112 మంది ఉన్నారు. పోయిన ఏడాది పండుగకు మూడు వారాల ముందు ఇలా రాశాను: ‘అందరికీ నమస్కారం. గణేశ ఉత్సవాలు సమీపిస్తున్నాయి. కాలనీవాసులందరూ ముందుకు వచ్చి తమకు తోచిన సేవ చేసి ఉత్సవాలను జయప్రదం చేయవలసిందిగా మనవి.’ నలభై మందికి పైగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పేరు ఇచ్చినవారు ఇద్దరే. మరో రెండుసార్లు అడిగి, ఇక అడగడం మానేసి, నేనూ మావారూ ఆ ఇద్దరూ కలిసి ఐదు రోజులూ నెట్టుకొచ్చాము. అన్నదానం గిన్నెలు తిరిగి ఇచ్చే మనిషి లేక మావారు ఆఫీసుకు సెలవు పెట్టారు. పైగా ఒకాయన ‘పులిహోరలో ఉప్పు లేదు’ అని గ్రూపులోనే రాశారు. అది చేసినావిడ ఇక రానన్నారు. ఈ ఏడాది పని చేయనివారి పేర్లన్నీ గ్రూపులో పెట్టేయాలని ఒకసారి, రాజీనామా చేసేయాలని ఒకసారి అనిపిస్తోంది. అసలు ఎలా అడిగితే పనులకు మనుషులు వస్తారు? — ఒక పాఠకురాలు

సమాధానం:

మీరు పంపిన సందేశాన్ని ఉన్నది ఉన్నట్టుగా రాయడం మంచిదైంది, ఎందుకంటే చిక్కు ముడి సగం అందులోనే ఉంది. దాన్ని ఒకసారి మీ కాలనీలో మూడో వీధిలో అద్దెకుంటూ, ఉదయం ఎనిమిదికి బస్సెక్కి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషిలా చదవండి. ‘తోచిన సేవ’ అన్నప్పుడు ఆయనకు ఏమి తోచాలి? మండపం కట్టేవారు ఎవరో, పూజకు కూర్చునేవారు ఎవరో, ఏ పనికి మనిషి తక్కువయ్యాడో ఆయనకు తెలియదు. ‘నేను వస్తాను’ అని రాస్తే ఒక గంట పని పడుతుందో, ఐదు రోజులూ మెడకు చుట్టుకుంటుందో కూడా తెలియదు. అందుచేత ఆయన చేయగల మర్యాద అయిన పని ఒక్కటే: చేతులు జోడించడం. ఆ నలభై బొమ్మలూ నిరాకరణలు కావు, అంగీకారాలూ కావు. ‘మీ ప్రకటన చూశాము’ అని చెప్పడం మాత్రమే. మీరు రాసింది ఆహ్వాన పత్రిక భాషలో ఉంది కాబట్టి వాళ్లు ఆహ్వాన పత్రిక అందుకున్నట్టే అందుకున్నారు.

రెండో చిక్కు సంఖ్యలో ఉంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. వేరువేరు గదుల్లో కూర్చుని మైకుల్లో మాట్లాడుకుంటున్న విద్యార్థులకు, వారిలో ఒకరు మూర్ఛతో ఇబ్బంది పడుతున్నట్టు వినిపించేలా ఏర్పాటు చేశారు. ఆ మాట వింటున్నది తానొక్కడినే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ మాటలు ఆగేలోపే సహాయం కోసం బయటికి వచ్చారు. తనతో పాటు మరో నలుగురు వింటున్నారని అనుకున్నవారిలో 31 శాతం మందే వచ్చారు. రానివారు రాతి గుండెవారేమీ కారు, వారిలో చాలామంది కంగారుగానే ఉన్నారు. ఎవరో ఒకరు వెళ్లే ఉంటారని అనుకున్నారు. ప్రాణం మీదికి వచ్చినట్టు వినిపించినప్పుడే ఐదుగురి మధ్య బాధ్యత అంతగా పలచబడితే, పులిహోర పొట్లాల విషయంలో 112 మంది మధ్య ఏమవుతుందో చెప్పనవసరం లేదు. కాబట్టి మీ కాలనీవారికి భక్తి లేదనీ, మీమీద గౌరవం లేదనీ ఇప్పుడే నిర్ణయించుకోవద్దు. అడిగిన తీరు మార్చి చూసిన తర్వాత కూడా రాకపోతే అప్పుడు ఆ మాట అనుకోవచ్చు.

మూడో చిక్కు చెప్పడానికి నాకు కొంత సంకోచంగా ఉంది, అయినా చెప్పాలి. మీరు మూడుసార్లు అడిగి, ఆ తర్వాత ఆ పనులన్నీ మీరే చేసేశారు. పండుగ ఆగలేదు. అది చూసిన వారికి అర్థమైంది ఏమిటంటే, గ్రూపులో వచ్చే విన్నపానికి జవాబు ఇవ్వకపోయినా పనులు జరిగిపోతాయని. మీరు ఓర్పుతో చేసిన పనే వాళ్లకు అలా పాఠమైంది. ఈ ఏడాది మాటల కంటే ముందు ఈ పాఠాన్ని మార్చాలి, దాని గురించి కొంచెం తర్వాత చెబుతాను.

ముందుగా పనులను రెండు రాశులుగా విడదీయండి. పోలీసుల పోర్టల్‌లో మండపం అనుమతికి దరఖాస్తు, తాత్కాలిక విద్యుత్ కనెక్షన్, విగ్రహం బయానా, పురోహితుడు, నిమజ్జనానికి వాహనం: ఇవి లేకపోతే పండుగే లేదు. వీటిని గ్రూపులో అడగకండి. దరఖాస్తులో బాధ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వాలి, తర్వాత ఏదైనా అయితే ఆ నంబర్లకే ఫోన్ వస్తుంది. అలాంటి పని ‘ఎవరైనా చూసుకోండి’ అనేది కాదు. కమిటీ సభ్యులు ఒకరోజు కూర్చుని ఒక్కొక్కటి ఒక్కొక్కరి పేరున రాసుకోవాలి. మిగిలిన పనులే, అంటే అలంకరణ, ప్రసాదం, వడ్డన, శుభ్రం, రాత్రి కాపలా, సాంస్కృతిక కార్యక్రమం వంటివే, కాలనీ ముందు పెట్టాలి.

పెట్టేముందు క్యాలెండరు కూడా చూడాలి. ఈ ఏడాది, అంటే 2026లో, చవితి సెప్టెంబరు 14, సోమవారం వచ్చింది. పోయినేడు లాగే ఐదు రోజులంటే నిమజ్జనం శుక్రవారం పడుతుంది. శుక్రవారం స్వామిని సాగనంపడానికి ఇష్టపడనివారు కొందరుంటారు, ఉద్యోగాలవారు ఎలాగూ సాయంత్రానికి అందరూ చేరలేరు. ఏడు రోజులు పెడితే నిమజ్జనం 20వ తేదీ, ఆదివారం. అన్నదానం శనివారం మధ్యాహ్నం పెట్టుకోవచ్చు. కానీ ఏడు రోజులంటే రెండు పూటల చొప్పున పూజ, నైవేద్యం మరో రెండు రోజులు, రాత్రి కాపలా మరో రెండు రాత్రులు. మీ దగ్గర పగలు పనిచేసేవారు తక్కువ, రాత్రి ఉండగల కుర్రవాళ్లు ఎక్కువ అయితే ఏడు మంచిది. కాపలాకే మనిషి దొరకని కాలనీ అయితే ఐదు రోజులకే ఆగి అన్నదానాన్ని రాత్రి భోజనంగా మార్చుకోవడం మంచిది. ఇది తేలకుండా పనుల జాబితా రాయకండి, ఎందుకంటే మనిషి ముందుగా చూసుకునేది ఆ రోజు తనకు సెలవా కాదా అనే.

ఇప్పుడు అన్నదానాన్నే తీసుకుని చూద్దాం, శనివారం మధ్యాహ్నం, సుమారు 200 మందికి అనుకుందాం. వంటమాస్టరును ఎలాగూ మాట్లాడుకుంటారు. అయినా ‘అన్నదానం బాధ్యత ఎవరు తీసుకుంటారు?’ అని అడిగితే ఎవరూ తీసుకోరు, ఎందుకంటే ఆ మాటలో రెండు రోజుల పని, డబ్బు లెక్క, మాట పడే భయం మూడూ ఉన్నాయి. దానిని ముక్కలు చేస్తే ఇలా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు కూరగాయలు తరగడానికి ఆరుగురు. శనివారం ఉదయం ఏడింటికి టెంట్ హౌస్ బండి వచ్చినప్పుడు గిన్నెలు దించి లెక్క రాసుకోవడానికి ఇద్దరు. మొదటి పంక్తి వడ్డనకు ఎనిమిది మంది, రెండో పంక్తికి మరో ఎనిమిది మంది. ఆకులెత్తి నేల కడగడానికి నలుగురు. ఆదివారం ఉదయం గిన్నెలు లెక్క చూసి అప్పగించడానికి ఇద్దరు. మొత్తం ముప్పై మంది కావాలి, కానీ ఎవరికీ రెండు గంటలు మించదు. ఒక మనిషికి రెండు రోజుల బరువుగా కనిపించిన పని ముప్పై మందికి తలా ఒక పూటలో కొంత భాగం అవుతుంది. ఒక్కటి మాత్రం ముక్కలుగా పంచకూడదు: ఆ రోజంతా ఏ సంగతైనా అందరూ వచ్చి అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి కమిటీ నుంచే ఉండాలి, వడ్డించకూడదు, తిరుగుతూ చూసుకోవాలి.

ముక్కలు చేసిన వెంటనే గ్రూపులో పెట్టాలని అనిపిస్తుంది. కొన్ని రోజులు ఆగండి. ఖాళీ జాబితా కింద మొదటి పేరు రాయడం చాలామందికి వేదిక మీద మొదటి కుర్చీలో కూర్చున్నంత ఇబ్బంది. అందుకని ముప్పైలో పదిహేను, పదహారు పేర్లు ముందుగా విడివిడిగా అడిగి నింపుకోవాలి. ఇది ఒక్కరే చేయనవసరం లేదు, వీధికొకరు చొప్పున కమిటీవారు అడగవచ్చు. అడిగేటప్పుడు పనిని, సమయాన్ని, ఆ మనిషినే ఎందుకు అడుగుతున్నారో ఆ కారణాన్ని చెప్పండి: ‘అన్నయ్యా, శనివారం ఉదయం ఏడింటికి గిన్నెల బండి వస్తుంది. ఒక గంట పని. మీరు లెక్క పక్కాగా రాస్తారని మిమ్మల్ని అడుగుతున్నాను. వీలు కాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకొకరిని అడుగుతాను.’ ఆ చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. కాదనడానికి దారి ఇచ్చినప్పుడు అవుననేవారు నిజంగా అవునంటారు.

మన భాషలో కాదు అనే మాట చాలా అరుదుగా వినిపిస్తుందని మీకు తెలుసు. ‘చూద్దామండి’, ‘ప్రయత్నిస్తాను’, ‘ఆ రోజుకు ఊళ్లో ఉంటే తప్పకుండా’, ‘మీరు చెప్పడం, నేను రాకపోవడమా’ వంటివన్నీ జాబితాలో రాసుకోదగినవి కావు. చివరిది అన్నిటికంటే ఆప్యాయంగా ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేదీ దానితోనే. అలాంటి జవాబు వచ్చినప్పుడు నొచ్చుకోకుండా, ‘సరేనండి, రేపు రాత్రి తొమ్మిదిలోపు ఒక మాట చెప్పండి, లేకపోతే మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా వేరేవారి పేరు రాసుకుంటాను’ అనండి. చెప్పిన గడువు దాటితే నిజంగానే వేరేవారిని అడగండి. పేరు ఇచ్చినవారు సమయాన్ని తమ నోటితో తిరిగి చెబితే (‘ఏడింటికి గేటు దగ్గర, అంతేగా?’) ఆ పేరు నిలుస్తుంది, మీరొక్కరే సమయం చెప్పి వారు తల ఊపితే ముందురోజు మరొకసారి గుర్తు చేయాలి.

ఎవరిని అడగాలనే దగ్గర ఒక మాట. కమిటీలు సాధారణంగా సొంత ఇళ్లవారిని, అందులోనూ ఎప్పుడూ వచ్చేవారినే అడుగుతాయి. అద్దెవారిని చందాకు తప్ప ఎవరూ తలుపు తట్టరు. ఒకప్పుడు మా వీధి కమిటీలో నేను పనిచేసినప్పుడు, మేడమీద అద్దెకుండే ఒక పెద్దాయన మూడేళ్లపాటు మండపం వైపు చూసి నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. నాలుగో ఏడు రాత్రి కాపలాకు మనిషి లేక ఆయనను అడిగితే, తనకు రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తుందని, రెండు నుంచి ఐదు వరకు రోజూ తాను కూర్చుంటానని అన్నారు. ఇంతకుముందు ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘మీ కమిటీ మీది కదా అనుకున్నాను’ అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. మీ 86 ఇళ్లలో ఇలాంటివారు ఎందరున్నారో చూడండి.

ఇదే సందర్భంలో నైవేద్యం సంగతి కూడా తేల్చుకోవాలి. మడి, ఆచారం పేరుతో ఫలానావారు వండితేనే స్వామికి పెట్టాలని మీ కమిటీలో ఎవరికైనా మనసులో ఉంటే, ఆ పనిని ‘ఎవరైనా చేయవచ్చు’ అని గ్రూపులో పెట్టకండి. పేరిచ్చిన ఇల్లాలికి తర్వాత ‘మేము చూసుకుంటాములెండి’ అని చెబితే ఆ ఇంటివారు ఇక ఏ పనికీ రారు, రాకపోవడం న్యాయం కూడా. నా అభిప్రాయమేమంటే, కాలనీ చందాతో జరిగే పండుగలో ఆ గిరి ఉండకూడదు. దాన్ని ఒక్క ఏడాదిలో మార్చలేనంటే, కనీసం అందరికీ తెరిచినట్టు చెప్పి తర్వాత తలుపు వేయకండి.

సగం పేర్లు చేతికొచ్చాక గ్రూపులో రాయండి. సెప్టెంబరు 4, శుక్రవారం రాత్రి రాస్తే చదవడానికి రెండు సెలవు రోజులు దొరుకుతాయి. సందేశం ఈ తీరున ఉండవచ్చు:

‘19వ తేదీ శనివారం అన్నదానానికి 30 మందిలో 16 మంది పేర్లు వచ్చాయి. ఇంకా 14 మంది కావాలి.
1. శుక్రవారం సాయంత్రం 6–8, కూరగాయలు తరగడం: ఇంకా ఇద్దరు
2. శనివారం ఉదయం 7–8, గిన్నెలు దించడం: నిండింది
3. శనివారం 12.15–1.15, మొదటి పంక్తి వడ్డన: ఇంకా ముగ్గురు
4. శనివారం 1.15–2.15, రెండో పంక్తి వడ్డన: ఇంకా ఐదుగురు
5. శనివారం 2.15–3.00, ఆకులెత్తి శుభ్రం చేయడం: ఇంకా ముగ్గురు
6. ఆదివారం ఉదయం 8–9, గిన్నెలు అప్పగించడం: ఇంకా ఒకరు
మీకు వీలైన పని సంఖ్య మాత్రం ఇక్కడ రాయండి, మీ పేరు నేను చేరుస్తాను. గడువు 6వ తేదీ ఆదివారం రాత్రి 9 గంటలు.’

వచ్చినవారి పేర్లు ఆయా పనుల పక్కనే రాయండి; పక్కింటి పేరు కనిపించినప్పుడు తన పేరు రాయడం తేలికవుతుంది. ‘జయప్రదం చేయండి’, ‘సేవాభాగ్యం’ వంటి మాటలు ఇందులో వద్దు. అవి తప్పు మాటలు కావు, కానీ వాటిని చూడగానే కన్ను సందేశాన్ని ప్రకటనగా గుర్తుపట్టి దాటిపోతుంది. ఒక సందేశంలో ఒక రోజు పనులే పెట్టండి. ఏడు రోజుల పనులు ఒకేసారి పెడితే ఫోనులో సగం దగ్గరే ‘ఇంకా చదవండి’ వస్తుంది, ఆ మిగతా సగం ఎవరూ చదవరు.

ఈ జాబితా ఎవరి చేతిలో ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలా గ్రూపుల్లో పని చెడేది ఇక్కడే. సాధారణంగా ‘కాపీ చేసి మీ పేరు చేర్చి మళ్లీ పెట్టండి’ అంటారు. ఇద్దరు ఒకే నిమిషంలో కాపీ చేస్తే, తర్వాత పెట్టినవారి జాబితాలో ముందువారి పేరు ఉండదు. ఆ పేరు పోయిన మనిషి తాను పేరిచ్చానని అనుకుంటాడు, జాబితా చూసినవారు ఇవ్వలేదని అనుకుంటారు, పండుగనాడు ఇద్దరూ ఒకరినొకరు తప్పుబడతారు. అందుకే మిగతావారు సంఖ్య మాత్రమే రాయాలి, జాబితాను ఒక్కరే మార్చి పూటకోసారి మళ్లీ పెట్టాలి, తాజా జాబితాను పిన్ చేయాలి. పిన్‌ను ఏడు రోజులకు పెట్టుకోవచ్చు, ముప్పై రోజులకూ పెట్టుకోవచ్చు. పాత జాబితా మీద ఉన్న పిన్ తీసేయడం మరచిపోకండి.

వాట్సాప్ పోల్ పెడితే సులభం కదా అని మీ కుర్రవాళ్లు అంటారు. భోజనాలకు ఎంతమంది వస్తారో, నిమజ్జనం ఏ రోజు పెట్టాలో తెలుసుకోవడానికి పోల్ బాగుంటుంది. పనికి మాత్రం అది సరిపోదు. ఎనిమిది మంది చాలు అన్నచోట ఇరవై మంది నొక్కినా అది ఆపదు, నొక్కినవారు ఎవరికీ చెప్పకుండా వెనక్కి తీసుకోవచ్చు, పైగా ఒక బొత్తాం నొక్కడం మాట ఇచ్చినట్టుగా ఎవరికీ అనిపించదు.

ఇన్ని చేసినా నిండని పనులు మూడు ఉంటాయి: శుభ్రం చేయడం, గిన్నెలు అప్పగించడం, రాత్రి కాపలా. వీటిలో కష్టం ఎక్కువని కాదు, వీటిని చేసేటప్పుడు చూసేవారు ఉండరు. పూజకు కూర్చోవడం, హారతి ఇవ్వడం, లడ్డూ వేలం నిర్వహించడం మాత్రం అడగకముందే నిండిపోతాయి. ఈ రెంటినీ కలపవచ్చు. ఏ రోజు పూజకు ఏ దంపతులు కూర్చుంటారో ఆ రోజు మండపం శుభ్రం, పూజాసామగ్రి సర్దడం ఆ ఇంటివారివే అని పూజ పేర్లు రాసుకునేటప్పుడే చెప్పండి. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. పూజకు కూర్చున్నవారే పండ్లు, పూలు కొనాలని కూడా పెడితే, స్తోమత లేనివారు ముందే తప్పుకుంటారు. ఏడు రోజులూ స్తోమత ఉన్నవారే తిరిగి కూర్చుంటారు. ఖర్చు కమిటీది, శ్రమ కుటుంబానిది అని విడదీస్తే ఆ ఇబ్బంది ఉండదు.

రాత్రి కాపలాకు, గిన్నెలకు మనిషిని కూలికి పెట్టుకోవడం మరో దారి. చందాలో కొంత పక్కన పెడితే సరిపోతుంది, మీవారు సెలవు పెట్టనక్కర లేదు. అయితే ఒకసారి డబ్బిచ్చి చేయించిన పనికి మరుసటి ఏడు ఉచితంగా మనిషిని అడగడం చాలా కష్టం. కాబట్టి ఏ పనులు శాశ్వతంగా డబ్బుతోనే జరిగినా మీకు బాధ లేదో వాటికే ఈ పద్ధతి పెట్టుకోండి. రాత్రంతా మేలుకుని ఉండవలసిన కాపలాను డబ్బిచ్చి చేయిస్తే నాకు అభ్యంతరం కనిపించదు. వడ్డనను డబ్బిచ్చి చేయిస్తే అది కాలనీ అన్నదానంలా ఉండదు.

వీధికొక రోజు చొప్పున వంతులు వేయడం మూడో దారి. ఇందులో అడిగే పని తగ్గుతుంది, వీధుల మధ్య కాస్త పోటీ కూడా పుడుతుంది. కానీ ఒక వీధిలో ఎక్కువమంది వృద్ధులే ఉండవచ్చు, మరో వీధిలో ఈ పండుగ చేసుకోని కుటుంబాలు ఉండవచ్చు. వంతు అంటే తప్పనిసరి అన్న అర్థం వస్తుంది, అది ఆ కుటుంబాలను ఇరుకున పెడుతుంది. వీధి బాధ్యత తీసుకునే మనిషి ప్రతి వీధిలోనూ ముందే ఒప్పుకుంటేనే వంతులు వేయండి. ఒక్క వీధికి అలాంటి మనిషి దొరకకపోయినా ఈ ఏడాదికి ఆ ఆలోచన పక్కన పెట్టడం మంచిది.

గడువు ముగిసిన రాత్రి మీరు చేయవలసిన పనే అన్నిటికంటే కష్టమైనది. ఆదివారం తొమ్మిది దాటింది, శుభ్రానికి ముగ్గురిలో ఒక్కరే వచ్చారు, రెండో పంక్తికి ఇద్దరు తక్కువ. మీ వేలు మీ పేరు రాయడానికి వెళుతుంది. రాయకండి. ఇంకా సమయం ఉంది కాబట్టి ముందుగా మరో నలుగురిని విడిగా అడగండి. అయినా రాకపోతే ఉన్న మనుషులకు తగినట్టు కార్యక్రమాన్ని తగ్గించి ఆ సంగతి గ్రూపులో మామూలుగా చెప్పండి: ‘వడ్డనకు చాలినంతమంది లేనందున శనివారం పంక్తి భోజనాలకు బదులు ప్రసాదం పొట్లాలు పంచుతాము.’ ఇందులో దెప్పుమాట ఒక్కటి కూడా ఉండకూడదు. బెదిరింపుగా రాస్తే జవాబుగా వాదన వస్తుంది, సమాచారంగా రాస్తే చాలాసార్లు పేర్లు వస్తాయి. రాకపోతే పొట్లాలే పంచండి. ఈ ఏడాది పండుగ కొంత చిన్నదైందని కొందరు అంటారు, కమిటీ పెద్దలకు కోపం కూడా రావచ్చు. అందుకని ఏయే కార్యక్రమాలు తగ్గించుకోవచ్చో ముందుగానే కమిటీలో అనుకుని, అధ్యక్షుడి చేతే ఆ సందేశం పెట్టించండి.

పులిహోర మాటకు వస్తే, ఆవిడ ఇంటికి మీరు వెళ్లాలి. ఫోన్ చేస్తే చాలదు. ఆమెను ఈ ఏడాది మళ్లీ వండమని అడగడానికి కాదు. అప్పుడు గ్రూపులో ఎవరూ ఆమె వైపు ఒక్క మాట రాయలేదు కదా, దానికి మీరు బాధపడ్డారని చెప్పడానికి. ఆ వ్యాఖ్య ఒక్క ఆవిడను మాత్రమే దూరం చేయలేదు. చూసిన 112 మందిలో వండగలిగినవారందరికీ ముందు ఏమి జరుగుతుందో చూపించింది. ఈసారి పనుల జాబితాతో పాటే ‘లోపాలు కనిపిస్తే కార్యదర్శికి ఫోన్ చేయండి, గ్రూపులో రాయవద్దు’ అని పెట్టండి. ఎవరైనా రాస్తే పది నిమిషాల్లోపు కమిటీలో ఒకరు, ముందే అనుకున్నవారు, జవాబివ్వాలి: ‘ఆ లోపం మా దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలు, బాధ్యత కమిటీది, మిగతా సంగతి నేను ఫోన్‌లో మాట్లాడతాను.’ వండిన మనిషి తన తరఫున తానే జవాబు చెప్పుకునే పరిస్థితి రానివ్వకూడదు.

పని చేయనివారి పేర్లు పెట్టాలన్న కోరిక నాకు అర్థమైంది, అయినా పెట్టవద్దనే చెబుతాను. ఆ జాబితాలో ఆ నెల ఇంట్లో రోగిని చూసుకున్నవారు ఉంటారు, రాత్రి షిఫ్టులవారు ఉంటారు, ఎవరూ అడగని అద్దెవారు ఉంటారు. ఒక్క పేరు తప్పుగా పడినా మీరు వారికి గ్రూపులోనే క్షమాపణ చెప్పుకోవాలి. దానికి బదులు వచ్చినవారి పేర్లు పనితో సహా రాయండి. ‘సహకరించిన అందరికీ ధన్యవాదాలు’ అనే కంటే ‘రెండో పంక్తి వడ్డించి, తర్వాత ఆగి నేల కూడా కడిగిన నాలుగో వీధి కుర్రవాళ్లకు’ అని పేరుపేరునా రాస్తే, రానివారికి కూడా ఆ పని ఎంతదో తెలుస్తుంది.

రాజీనామా మీ ఇష్టం. రెండేళ్లు ఇలా మోసిన మనిషి దింపుకోవాలనుకోవడంలో తప్పు లేదు. చేస్తే ఇప్పుడే, ఈ వారంలోనే చేయండి, విగ్రహానికి బయానా ఇవ్వకముందే, మరొకరు సర్దుకునే వ్యవధి ఉండగానే. ఈ ఏడాది ఉండి చేస్తాననుకుంటే, వచ్చే ఏడాది ఉండనని ఇప్పుడే కమిటీకి చెప్పి, జాబితా పట్టుకునే పనిని మీ పక్కన ఒకరికి అప్పగించండి. ఏది ఎంచుకున్నా ఒక పని మాత్రం చేయండి: నిమజ్జనమైన మరునాడు, అలసట ఇంకా తీరకముందే, ప్రతి పనికీ నిజంగా ఎంతమంది పట్టారో, ఎంతసేపు పట్టిందో ఒక నోటుపుస్తకంలో రాయించండి. కూరగాయలు తరగడానికి రెండు గంటలు అని ఇక్కడ నేను రాసింది అంచనా. మీ కాలనీలో అది గంటన్నరో, మూడు గంటలో ఆ పుస్తకమే చెబుతుంది. వచ్చే ఏడాది సందేశంలో ఆ లెక్కే వేయండి, ఎందుకంటే గంట అని పిలిచి మూడు గంటలు ఉంచిన మనిషి మళ్లీ రాడు.